హెచ్-1బి మీద ఉన్నప్పుడు రిజైన్ లెటర్ ఏ రోజు ఇవ్వాలి?

మేడం గారికి నమస్తే. నేను డల్లాస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. హెచ్-1బి మీద ఉండగలిగే ఆరేళ్ళు ఈ నవంబరుతో పూర్తవుతాయి, ఇక్కడ ఉండే గడువు చూపే ఐ-94 కూడా అప్పటి వరకే ఉంది. మా కంపెనీ నా గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 పిటిషన్ 2025 సెప్టెంబరు 24న అప్రూవ్ అయింది. ఇప్పుడు ఇంకో కంపెనీలో మంచి ఆఫర్ వచ్చింది. వాళ్ళు ఫిబ్రవరి 20న నా కొత్త హెచ్-1బి పిటిషన్‌ను ప్రీమియంలో ఫైల్ చేస్తామన్నారు, మార్చి 16న జాయిన్ అవ్వమన్నారు. ఫిబ్రవరి 27న లెటర్ ఇచ్చి, రెండు వారాల నోటీసుతో మార్చి 13 లాస్ట్ డే పెడదామని నా ప్లాన్. నాకు 11 రోజుల లీవు మిగిలింది, దాన్ని కలిపి లాస్ట్ డే ముందుకు జరుపుకోవచ్చా? మా ఆవిడ హెచ్-4 మీద ఉంది, మే రెండో వారంలో డెలివరీ. లెటర్లో ఏం రాయాలో, ఏం రాయకూడదో కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు

మీరు తేదీలన్నీ ఇచ్చి అడిగారు కాబట్టి తేదీలతోనే చెబుతాను. ఫిబ్రవరి 27న లెటర్ ఇవ్వకండి. మార్చి 13 లాస్ట్ డే కూడా వద్దు. నా లెక్క ప్రకారం మీరు లెటర్ ఇవ్వాల్సింది మార్చి 25, బుధవారం. అందులో రాయాల్సిన లాస్ట్ డే ఏప్రిల్ 10, శుక్రవారం. కొత్త చోట చేరేది ఏప్రిల్ 13, సోమవారం. ఈ నాలుగు వారాల ఆలస్యానికి కొత్త కంపెనీని ఒప్పించే పని మీదే. ఎందుకు ఒప్పించాలో చెబుతాను.

నేను చాలా ఏళ్ళు ఒక కంపెనీ హెచ్ఆర్‌లో ఇమిగ్రేషన్ ఫైళ్ళు చూశాను. రిజైన్ లెటర్ వచ్చాక అవతలి పక్క ఏం జరుగుతుందో ఇచ్చేవాళ్ళకు పెద్దగా తెలియదు. మేనేజర్ దాన్ని హెచ్ఆర్‌కు పంపుతాడు. హెచ్ఆర్‌లో ఒకరు సిస్టమ్ తెరిచి, మీ పేరు పక్కన ఉద్యోగం ముగిసే తేదీ అన్న గడిలో ఒక తేదీ కొడతారు. ఆ ఒక్క గడి నుంచే అన్నీ కదులుతాయి. పేరోల్ జీతం ఆపుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం వెళ్తుంది, ఐటీ వాళ్ళు లాగిన్ తీసేస్తారు, ఇమిగ్రేషన్ లాయరుకు మెయిల్ వెళ్తుంది. ఉద్యోగి వెళ్ళిపోయాడని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయడం హెచ్-1బి స్పాన్సర్ బాధ్యత కాబట్టి ఆ లాయరు పిటిషన్ విత్‌డ్రా చేస్తూ ఉత్తరం రాస్తాడు.

ఆ గడిలో పడేది మీరు లెటర్లో రాసిన తేదీయే అని మీరు అనుకుంటున్నారు. చాలాసార్లు అదే పడుతుంది. కానీ అమెరికాలో ఉద్యోగాలు మామూలుగా ఎట్-విల్ పద్ధతి మీద నడుస్తాయి, టెక్సాస్‌లోనూ అంతే. మీరు రెండు వారాల నోటీసు ఇస్తే, కంపెనీ 'అక్కర్లేదు, ఈ రోజే చాలు' అనొచ్చు. కాంట్రాక్టులో వేరేగా రాసి ఉంటే తప్ప, ఆ రెండు వారాల జీతం ఇవ్వాల్సిన పని కూడా లేదు. నేను చూసిన ఒక కేసులో ఒకాయన గురువారం మధ్యాహ్నం భోజనం అయ్యాక మేనేజరుకు లెటర్ మెయిల్ చేశాడు. అందులో రెండు వారాల తర్వాతి శుక్రవారం తేదీ ఉంది. ఆయన చేరబోయేది పోటీ కంపెనీ అని మేనేజరుకు ముందే అనుమానం. సాయంత్రం నాలుగింటికి లాప్‌టాప్ లాక్ అయింది. ఐదింటికి వచ్చిన హెచ్ఆర్ లెటర్లో లాస్ట్ డే అదే గురువారం. కొత్త కంపెనీ పిటిషన్ అప్పటికి ఫైల్ కాలేదు, సంతకాల కోసం తిరుగుతోంది. ఆయన గట్టెక్కాడు కానీ ఆ నెలంతా మనిషి మనిషిలా లేడు.

అందుకే నేను అందరికీ ఒక పరీక్ష చెబుతాను. లెటర్ ఇచ్చే ముందు 'నా లాస్ట్ డే ఈ రోజే అంటే నాకేం అవుతుంది?' అని అడిగి చూసుకోవాలి. 'టెన్షన్ తప్ప నష్టం ఏమీ లేదు' అని జవాబు వచ్చిన రోజే లెటర్ ఇవ్వాలి. మీ ఫిబ్రవరి 27 ఈ పరీక్షలో రెండు చోట్ల ఫెయిలవుతుంది.

మొదటిది కొత్త పిటిషన్. ఫిబ్రవరి 20న ఫైల్ అయితే 27 నాటికి మీ చేతిలో ఉండేది రిసీట్ మాత్రమే. చట్ట ప్రకారం రిసీట్‌తోనే కొత్త చోట చేరొచ్చు, పోర్టబిలిటీ అంటే అదే. కానీ ఆ తర్వాత పిటిషన్ డినై అయితే, అక్కడ పనిచేసే హక్కు ఆ రోజుతోనే పోతుంది. అప్పటికి పాత కంపెనీ మీ పిటిషన్‌ను విత్‌డ్రా చేసేసి ఉంటే వెనక్కి వెళ్ళే దారి కూడా ఉండదు. మీరు ప్రీమియంలో వేస్తున్నారు కాబట్టి 15 పని దినాల్లో ఏదో ఒక కదలిక వస్తుంది. ఫిబ్రవరి 20న వాళ్ళకు అందితే ఆ పదిహేను రోజులు లెక్కపెట్టండి, సరిగ్గా మార్చి 13 దగ్గర ఆగుతాయి. అంటే మీ ప్లాన్‌లో జవాబు వచ్చే గడువూ, పాత ఉద్యోగం ఆఖరి రోజూ ఒకటే. పైగా వచ్చేది అప్రూవలే కానక్కర్లేదు, ఇంకా ఆధారాలు పంపమని అడిగే ఆర్ఎఫ్ఈ కూడా రావొచ్చు. అది వస్తే, లాయరు జవాబు పంపాక ఆ 15 రోజుల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

అప్రూవల్ వచ్చాక కాగితం పూర్తిగా చదవండి. ఐ-797ఎ అయితే కింది భాగంలో కొత్త ఐ-94 ఉంటుంది. మీకు కావాల్సింది అదే. ఐ-797బి వస్తే పిటిషన్ అప్రూవ్ అయింది గానీ ఇక్కడ ఉండే గడువు పొడిగించలేదని అర్థం. బయటికి వెళ్ళి తిరిగి రావాలి. అది వస్తే లెటర్ ఇవ్వకుండా లాయరుకు ఫోన్ చేయండి. ఈ తేడా ఇప్పుడు మునుపటికన్నా ఖరీదైంది. కొత్త హెచ్-1బి పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాలంటూ 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటన మీకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలోనే ఉండి, స్టేటస్ చెక్కుచెదరకుండా కంపెనీ మారేవాళ్ళకు అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అక్టోబరులో చెప్పింది. కానీ స్టేటస్ నిలబెట్టుకోలేదని పొడిగింపు నిరాకరిస్తే ఆ లక్ష మీద పడుతుందనీ అప్పుడే చెప్పింది. లక్ష డాలర్లు కట్టి మనిషిని తీసుకునే కంపెనీలు ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి. అందుకే మధ్యలో ఖాళీ పడకుండా చూసుకోవడం మీద ఇంత పట్టు పడుతున్నాను.

కొత్త అప్రూవల్ వచ్చినంత మాత్రాన పాత ఉద్యోగం చెల్లకుండా పోతుందని కొందరు భయపడి, పరుగున వెళ్ళి లెటర్ ఇచ్చేస్తారు. అలా ఏమీ పోదు. మీరు కొత్త చోట చేరేదాకా పాత పిటిషన్ మీద పాత ఉద్యోగం చేసుకోవచ్చు. కొత్త పిటిషన్‌లో స్టార్ట్ డేట్ మాత్రం ముందుదే పెట్టమనండి. ఏప్రిల్ 13న చేరబోతున్నా పిటిషన్‌లో మార్చి తేదీ ఉంటే, పాతవాళ్ళు మిమ్మల్ని హఠాత్తుగా పంపేసినా తలుపు తెరిచే ఉంటుంది.

రెండోది మీ ఐ-140. మీరు ఉత్తరంలో దాన్ని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు కానీ, మీ కేసులో లాస్ట్ డేని నిర్ణయించేది అదే. ఉద్యోగి వెళ్ళిపోయాక ఐ-140ని విత్‌డ్రా చేయాలన్న నియమం కంపెనీలకు లేదు. అయినా చాలామంది అలవాటుగా చేస్తారు, హెచ్-1బి విత్‌డ్రా ఉత్తరంతో పాటే ఇదీ వెళ్తుంది. 2017 జనవరి నుంచి ఉన్న నియమం ప్రకారం, అప్రూవ్ అయ్యి 180 రోజులు నిండిన ఐ-140ని కంపెనీ విత్‌డ్రా చేసినా ఆ అప్రూవల్ రద్దు కాదు. మోసం లాంటివి బయటపడితే వేరే సంగతి. 180 నిండకముందు విత్‌డ్రా చేస్తే మాత్రం రద్దవుతుంది. అలా రద్దయినా గ్రీన్‌కార్డు క్యూలో మీ చోటు చెప్పే ప్రయారిటీ డేట్ మీకే ఉంటుంది, దానికి భయం లేదు. పోయేది ఆరేళ్ళు దాటాక హెచ్-1బిని మూడేళ్ళ చొప్పున పొడిగించుకునే ఆధారం. మీ ఆరేళ్ళు నవంబరుతో అయిపోతున్నాయి. కొత్త కంపెనీ గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టయిన పెర్మ్ నుంచి మొదలుపెట్టి ఇంకో ఐ-140 తెచ్చుకునేదాకా మీరు నిలబడాల్సింది దీని మీదే.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్క వేద్దాం. 2025 సెప్టెంబరు 24న అప్రూవల్. సెప్టెంబరులో మిగిలినవి 6 రోజులు, అక్టోబరు 31 కలిపితే 37, నవంబరుతో 67, డిసెంబరుతో 98, జనవరితో 129, ఫిబ్రవరితో 157. ఇంకా 23 కావాలి. అంటే 2026 మార్చి 23, సోమవారంతో 180 నిండుతాయి. మీరు అనుకున్న మార్చి 13 దానికి పది రోజుల ముందు! మార్చి 13న మీరు బయటికి వస్తే, తర్వాతి సోమవారం కంపెనీ లాయరు ఒక్క ఉత్తరం రాస్తే చాలు, ఐ-140 పోతుంది. వాళ్ళు అంత చురుగ్గా కదలకపోవచ్చు, నెలల తరబడి పట్టించుకోకపోవచ్చు కూడా. కానీ ఎవరో బద్ధకిస్తారన్న ఆశ మీద గ్రీన్‌కార్డు దారిని వదిలేయలేం కదా.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. లాస్ట్ డే 23 దాటితే చాలనుకుని, మార్చి 20న లెటర్ ఇచ్చి ఏప్రిల్ 3 తేదీ వేసేవాళ్ళున్నారు. 20న లెటర్ ఇచ్చిన రోజే పంపేస్తే, 180 నిండే లోపే విత్‌డ్రాకు వీలు దొరుకుతుంది. అందుకే లాస్ట్ డేతో పాటు లెటర్ ఇచ్చే రోజు కూడా 23 దాటాలి. నోటీసు మీద ఐ-140 అప్రూవల్ తేదీని మీ కళ్ళతో చూసుకోండి. కేసు ఫైల్ చేసిన తేదీ, నోటీసు ప్రింటైన తేదీ, అప్రూవల్ తేదీ వేరువేరుగా ఉండొచ్చు, మీకు అప్రూవల్ తేదీ కావాలి. లెక్కలో ఒకటి అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకుండా నేను రెండు రోజులు కలిపి 25 అన్నాను. మీ దగ్గర ఆ నోటీసు కాపీ లేకపోతే, అది కంపెనీకి చెందిన కాగితం అంటూ ఇవ్వకపోతే, కనీసం రిసీట్ నంబరైనా సంపాదించండి. దానితో కేసు స్టేటస్ చూడొచ్చు, కొత్త లాయరుకూ అది కావాలి.

ఇక 60 రోజుల గ్రేస్ పీరియడ్. మీరు దాన్ని అడగలేదు కానీ, ఏం జరిగినా 60 రోజులున్నాయి కదా అన్న ధీమా మీ ప్లాన్ వెనక కనిపిస్తోంది. మీ అంతట మీరు రిజైన్ చేసినా ఆ 60 రోజులు వర్తిస్తాయి, నిజమే. లెక్క మొదలయ్యేది ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి. ఉద్యోగం ముగిసిన రోజంటే మామూలుగా జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు. అయితే 60 అనేది గరిష్ఠ హద్దు. ఐ-94 ముందే అయిపోతే గ్రేస్ కూడా అక్కడే ఆగుతుంది. యూఎస్‌సీఐఎస్ తన విచక్షణతో తగ్గించనూ వచ్చు. ఒక అప్రూవల్ గడువులో ఒక్కసారే దొరుకుతుంది. ఆ రోజుల్లో పని చేయకూడదు. ఇంకో కంపెనీ పిటిషన్ ఆ లోపల యూఎస్‌సీఐఎస్‌కు చేరి ఉండాలి. పిటిషన్‌కు ముందు లేబర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎల్‌సీఏ అనే ఆమోదం రావడానికే 7 పని దినాలు పడుతుంది. కాగితాలు, సంతకాలు, కొరియర్ కలుపుకుంటే రెండు మూడు వారాలు ఇట్టే పోతాయి. అంటే ఉద్యోగం వెతుక్కోవడానికి నిజంగా మిగిలేది 40 రోజులు. దాన్ని కారులో స్టెప్నీ లాగా ఉంచుకోవాలి గానీ, దాని మీదే ప్రయాణం పెట్టుకోకూడదు.

ఐ-94 మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పని. i94.cbp.dhs.gov లోకి వెళ్ళి మీ ఐ-94 మళ్ళీ చూసుకోండి. అప్రూవల్ నోటీసు మీద నవంబరు అని ఉన్నా, ఆ తర్వాత మీరు దేశం బయటికి వెళ్ళొచ్చి ఉంటే ఎయిర్‌పోర్టులో కొత్త ఐ-94 ఇస్తారు. పాస్‌పోర్టు గడువు తక్కువుంటే ఆ తేదీ దాకానే ఇచ్చిన సందర్భాలు బోలెడు. మామూలుగా అన్నిటికన్నా తర్వాత ఇచ్చిన ఐ-94 ఏదో అదే లెక్క. మీ ఆవిడదీ విడిగా చూడండి, భార్యాభర్తలకు వేరే తేదీలు పడటం కొత్తేమీ కాదు.

లీవుల సంగతి. మిగిలిన 11 రోజులకు చివర్లో డబ్బు కట్టి ఇస్తే, ఆ డబ్బు వల్ల లాస్ట్ డే ఒక్క రోజు కూడా జరగదు. ఉద్యోగం ఏప్రిల్ 10న ముగిస్తే ముగిసినట్టే. లీవు డబ్బు గానీ, సెవరెన్స్ గానీ వచ్చినంత మాత్రాన ఉద్యోగంలో ఉన్నట్టు కాదు. పైగా టెక్సాస్‌లో మిగిలిన లీవుకు డబ్బు ఇవ్వాలన్న చట్టం లేదు, కంపెనీ పాలసీలో ఉంటేనే ఇస్తారు. కాబట్టి లెటర్ ఇవ్వకముందే హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ చదువుకోండి. డబ్బు ఇవ్వరని తేలితే మార్చిలోనే కొన్ని రోజులు వాడేసుకోండి, మీ ఇంట్లో ఇప్పుడు హాస్పిటల్ పనులు ఎలాగూ ఉంటాయి. ఆఖరి పని రోజు తర్వాత లీవు పెట్టి పేరోల్ మీద కొనసాగితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. కంపెనీ ఒప్పుకుని, జీతం మామూలుగా నడుస్తూ, సిస్టమ్‌లో ముగింపు తేదీ ఆ లీవు తర్వాతే ఉంటే రెండు మూడు రోజులకు గొడవ ఉండదు. రెండు వారాలు పని లేకుండా పేరోల్ మీద కూర్చున్నప్పుడు, 'అసలు ఉద్యోగం ఏ రోజు ముగిసింది?' అన్న ప్రశ్న తర్వాత ఏ ఆఫీసరైనా వేయొచ్చు. మీకు ఆ ప్రశ్నతో పనేముంది? ఆఖరి రోజు నిజంగా పనిచేసిన రోజు అయ్యేట్టు చూసుకోండి, జీతం కూడా ఆ రోజు దాకా ఉండేట్టు చూసుకోండి.

ఇప్పుడు ఏప్రిల్ 10నే ఎందుకన్నది. మార్చి 25 నుంచి రెండు వారాల నోటీసు దాటుతుంది, శుక్రవారం ముగిసి సోమవారం చేరడం వల్ల మధ్యలో ఖాళీ పడదు. ఇంకో కారణం మీ ఆవిడ డెలివరీ. చాలా కంపెనీల హెల్త్ ఇన్సూరెన్స్ లాస్ట్ డే ఉన్న నెల చివరి దాకా నడుస్తుంది. కొన్నిట్లో మాత్రం లాస్ట్ డే అర్ధరాత్రితోనే ఆగిపోతుంది. మీ ప్లాన్ మొదటి రకమైతే, ఏప్రిల్ 10న ముగించినా ఏప్రిల్ 30 దాకా కవరేజ్ ఉంటుంది. కొత్త కంపెనీ ఇన్సూరెన్స్ మొదటి రోజు నుంచే ఉంటే సమస్యే లేదు. చేరిన తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి అంటే మే 1. రెండూ అతుక్కుంటాయి. అదే మార్చి 31న ముగించి ఏప్రిల్ 1న చేరి ఉంటే, కొత్త ప్లాన్ మే 1 నుంచి మొదలయ్యేదైతే, డెలివరీకి ముందు ఒక నెలంతా ఇన్సూరెన్స్ లేకుండా పోయేది. ఒక్క రోజు తేడా ఇక్కడ ఒక నెల అవుతుంది!

మీ ప్లాన్ రెండో రకమైతే, ఉద్యోగం మానేశాక కూడా పాత ఇన్సూరెన్స్‌నే కొనసాగించుకునే కోబ్రా ఉంది. ఇరవై, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న కంపెనీలకు అది వర్తిస్తుంది. ఎంచుకోవడానికి 60 రోజుల గడువిస్తారు, ఎంచుకుంటే కవరేజ్ ఆగిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ప్రీమియం మొత్తం మీరే కట్టాలి, వాతలు పెడుతుంది. అయినా డెలివరీ బిల్లు ముందు అదెంత. ప్లాన్ మారితే డిడక్టిబుల్ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందనీ, మీ డాక్టరు, హాస్పిటల్ కొత్త నెట్‌వర్క్‌లో ఉండాలనీ గుర్తుంచుకోండి. ఈ రెండూ లెటర్ ఇవ్వకముందే కనుక్కోవాలి. ఆఫర్ లెటర్‌తో పాటు ఇన్సూరెన్స్ వివరాలు అడిగితే కొత్త హెచ్ఆర్ ఏమీ అనుకోదు, అందరూ అడిగేదే.

లెటర్ ఎలా రాయాలి? పొట్టిగా. ఇంగ్లీషులో మీరే రాసుకోండి, అందులో ఉండాల్సింది ఇంతే:

"ఈ కంపెనీలో నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా ఉద్యోగం ఆఖరి రోజు 2026 ఏప్రిల్ 10, శుక్రవారం. ఆ రోజు వరకు నా పని చేస్తూ, చేతిలో ఉన్నవాటిని మీరు చెప్పినవారికి అప్పగిస్తాను. ఈ తేదీని, నా జీతం, ఇన్సూరెన్స్ ఏ రోజు వరకు ఉంటాయన్నదాన్ని మెయిల్‌లో ఖరారు చేయగలరు. ఇన్నాళ్ళూ ఇక్కడ పనిచేసే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు."

ఈ ఐదు వాక్యాల్లో పనిచేసేవి రెండే. తేదీని వారంతో సహా రాయడం ఒకటి, 'రెండు వారాల్లో వెళ్తాను' అని రాస్తే ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటారు. 'ఆఖరి పని రోజు' అనకుండా 'ఉద్యోగం ఆఖరి రోజు' అనడం కూడా కావాలనే. లీవు పెట్టి ముందే వెళ్ళిపోతే పని రోజు, ఉద్యోగం రోజు వేరైపోతాయి. రెండోది రాతపూర్వకంగా ఖరారు అడగడం. వాళ్ళు పంపే ఆ మెయిల్లో ఏ తేదీ ఉంటే అదే ఆ గడిలో పడిన తేదీ. వేరే తేదీ కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయండి, పేరోల్ మూసేలోపు దిద్దించడం తేలిక.

వీసా ప్రస్తావన వద్దు. కొత్త కంపెనీ పేరు వద్దు. 'నా పిటిషన్ అప్రూవ్ అయింది కాబట్టి' అని మొదలుపెట్టిన లెటర్లు నేను చూశాను, దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. 'ఐ-140 విత్‌డ్రా చేయవద్దని మనవి' అని కూడా రాయకండి. 180 నిండాక ఆ మనవి అవసరం లేదు, పైగా మర్చిపోయినవాళ్ళకు గుర్తు చేసినట్టు అవుతుంది. 'తక్షణం అమలులోకి' అన్న మాట ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో చాలాచోట్ల ఉంటుంది. కాపీ కొట్టేటప్పుడు అది రాకుండా చూసుకోండి, అది ఉంటే మీ లాస్ట్ డే లెటర్ ఇచ్చిన రోజే.

మార్చి 24 రాత్రి, అంటే ముందు రోజు, ఇంట్లో కూర్చుని కాగితాలు సర్దుకోండి. పేస్లిప్పులు, డబ్ల్యూ-2లు, పాత ఐ-797లన్నీ మీ సొంత డ్రైవ్‌లోకి రావాలి. పేరోల్ పోర్టల్‌లో ఆఫీసు మెయిల్ ఉంటే సొంత మెయిల్‌కు మార్చండి, లాగిన్ పోయాక ఆఖరి పేస్లిప్ కోసం నెల రోజులు బతిమాలుకున్నవాళ్ళు ఉన్నారు. ఆఫీసు ఫైళ్ళు, కోడు మాత్రం ముట్టుకోకండి. కొత్త కంపెనీ మళ్ళీ పెర్మ్ వేసేటప్పుడు ఇక్కడి అనుభవానికి లెటర్ కావాలి, ఏ టెక్నాలజీ మీద ఎన్నాళ్ళు పనిచేశారో వివరంగా. హెచ్ఆర్ అంత వివరంగా ఇవ్వకపోతే మీ సీనియర్ ఎవరైనా ఇవ్వొచ్చు. వాళ్ళ సొంత ఫోన్ నంబరు ఇప్పుడే తీసుకోండి.

మార్చి 25న లెటర్ ఇచ్చాక అదే రోజు పంపేశారనుకుందాం. గ్రేస్ 26 నుంచి లెక్క, 60వ రోజు మే 24. కానీ మీ చేతిలో అప్రూవల్ ఉంది, 180 నిండింది. కొత్త కంపెనీకి ఫోన్ చేసి వచ్చే సోమవారమే చేరతానంటే సరిపోతుంది. ఇన్సూరెన్స్ మార్చి 31తో ఆగితే కోబ్రా గడువు చేతిలో ఉంటుంది. చూశారా, చెడ్డ రోజు వచ్చినా పడిపోయేది ఏమీ లేదు. ఫిబ్రవరి 27న ఇదే జరిగి ఉంటే మీ దగ్గర రిసీట్ తప్ప ఏమీ ఉండేది కాదు.

మార్చి 13కి ఆర్ఎఫ్ఈ వస్తే ఈ తేదీలన్నీ అలాగే ఇంకా తర్వాతికి జరపండి, అప్రూవల్ చూశాకే లెటర్. కొత్త కంపెనీ 'మార్చి 16 దాటితే కుదరదు' అని పట్టుబడితే వాళ్ళ లాయరుతో మాట్లాడించమని అడగండి. ఐ-140 180 రోజుల మాట వినగానే లాయర్లకు అర్థమవుతుంది, మేనేజర్లకు కాదు. ఆ లాయరునే ఇంకోటి అడగండి. మీకు మూడేళ్ళకు అప్రూవల్ వచ్చినా మీ ఆవిడ హెచ్-4 దానంతట అది పొడిగిపోదు. ఆమెకు ఐ-539 విడిగా వేయాలి, మీ పిటిషన్‌తో కలిపి వేస్తే మేలు.

మధ్యలో ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకొద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పటికి మానుకోండి. పిటిషన్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ లక్ష డాలర్ల చిక్కులో పడే ప్రమాదం ఉంది.

ఏప్రిల్ 10 తర్వాత వచ్చే ఆఖరి పేస్లిప్ ఒక్కటి జాగ్రత్తగా చూడండి. టెక్సాస్‌లో మనం మానేస్తే ఆఖరి జీతం తర్వాతి మామూలు పే డే నాటికి రావాలి. అందులో జీతం లెక్కగట్టిన ఆఖరి తేదీ ఏప్రిల్ 10 అని ఉందో లేదో చూసి, ప్రింట్ తీసి, హెచ్ఆర్ ఖరారు మెయిల్‌తో కలిపి ఫైల్లో పెట్టండి. మళ్ళీ ఎప్పుడైనా ఎక్స్‌టెన్షన్ ఆఫీసరో, కాన్సులేట్ ఆఫీసరో మధ్యలో ఖాళీ ఉందా అని అడిగితే చూపించాల్సినవి ఈ రెండు కాగితాలు, కొత్త కంపెనీ మొదటి పేస్లిప్.